ఫొటోలో కనబడని చేతులు

గడ్డం కింద రెండు అరచేతులు పెట్టుకుని, మోచేతులు ఆనించి, కాళ్లు కప్పలా ముడుచుకుని హాయిగా నిద్రపోతున్న పసిబిడ్డ ఫొటోను చూడనివారు ఇప్పుడు తక్కువ. న్యూబార్న్ ఫొటోగ్రాఫర్లు దీన్ని ‘ఫ్రాగీ పోజ్’ అంటారు. మనవడికో మనవరాలికో ఇలాంటి ఫొటో తీయిస్తామనగానే ఇంట్లో అమ్మమ్మ నోట వచ్చే మొదటి మాట ‘మెడ ఏమైపోతుందర్రా’ అని. ఆమె భయం సబబే. పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. దాన్ని నిలబెట్టే బలం మెడకు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ వయసు బిడ్డ తన చేతుల మీద తల నిలుపుకోవడం జరిగే పని కాదు.

అసలు ఆ ఫొటోలో కనిపించేది ఏ క్షణంలోనూ జరగలేదు. అది రెండు ఫొటోలు కలిపి చేసిన ఒక ఫొటో. మెత్తటి బీన్‌బ్యాగ్ మీద దుప్పట్లు పరిచి, గాఢంగా నిద్రపోతున్న బిడ్డను ముందుకు ఒరిగేలా కూర్చోబెడతారు. మొదటి ఫొటోకి సహాయకురాలు బిడ్డ మణికట్లను కింది నుంచి పట్టుకుంటుంది. రెండోదానికి వేళ్లతో తలను పైనుంచి ఆనించి పట్టుకుంటుంది. రెండింటిలోనూ బిడ్డ బరువు మనిషి చేతిలోనే ఉంటుంది. కెమెరా మాత్రం కదలకూడదు. తర్వాత కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇందులోంచి చేతులు, అందులోంచి వేళ్లు చెరిపేస్తారు. బిడ్డను ఆ భంగిమలో ఉంచేది ఒకటి రెండు నిమిషాలే. కొమ్మకు కట్టిన ఉయ్యాల మూటలో బిడ్డ వేలాడుతున్నట్టు కనిపించే ఫొటో కూడా ఇలాంటిదే. బిడ్డ పడుకునేది బీన్‌బ్యాగ్ మీద. కొమ్మను విడిగా ఫొటో తీసి కలుపుతారు.

కాబట్టి ఫొటోగ్రాఫర్ ఎంత జాగ్రత్తపరుడో తెలుసుకోవడానికి ఆల్బమ్ చూడటం కన్నా ఒక ప్రశ్న అడగడం మేలు: ‘ఈ ఫొటోకి ఎడిటింగ్ చేయని ఒరిజినల్ చూపిస్తారా?’ అందులో సహాయకురాలి చేతులు కనిపిస్తే నమ్మవచ్చు. ‘మా దగ్గర ఒక్క షాట్‌లోనే తీసేస్తాం, ఎడిటింగ్ అక్కర్లేదు’ అని గొప్పగా చెప్పుకునేవారి దగ్గరికి బిడ్డను తీసుకెళ్లకపోవడమే మంచిది.

మెడ తర్వాత చూసుకోవలసింది ఊపిరి. పసిబిడ్డ శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుపోతే అది నొక్కుకుపోతుంది. బిడ్డ ఏడవకుండానే ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. బుట్టలో, చిన్న మంచంలో పడుకోబెట్టినా, గుడ్డలో చుట్టినా గడ్డానికీ ఛాతీకీ మధ్య పెద్దల వేళ్లు రెండు పట్టేంత ఖాళీ ఉండాలి. ముక్కు మీదికి గుడ్డ గానీ బొచ్చు గానీ రాకూడదు. ఈ వయసులో నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకోవడం, మధ్యలో కొన్ని సెకన్లు ఆగి మళ్లీ గబగబా తీసుకోవడం మామూలే. అది చూసి తల్లి కంగారుపడనక్కర్లేదు. కానీ ముక్కుపుటాలు ఎగరేస్తూ, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతూ, మూలుగుతూ ఊపిరి తీస్తుంటే ఫొటో సంగతి పక్కన పెట్టి బిడ్డను ఎత్తుకోవాలి. అది తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. రంగు విషయంలోనూ ఈ తేడా తెలిసి ఉండాలి. మొదటి రోజుల్లో అరచేతులు, అరికాళ్లు కాస్త నీలంగా కనిపించవచ్చు. పెదవులు, నాలుక నీలమైతే మాత్రం ప్రమాదం. ముడిచిన కాలు ఒక్కటే ఊదారంగుకి తిరిగితే రక్తం సరిగా ఆడటం లేదని అర్థం. వెంటనే ఆ భంగిమ విప్పేయాలి.

మూడోది వెచ్చదనం. బిడ్డకు బట్టలు లేకుండా ఫొటోలు తీస్తారు కాబట్టి ఇది ముఖ్యం. పసిపిల్లలు వణికి ఒళ్లు వేడి చేసుకోలేరు. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోగొట్టుకుంటారు. గది 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు. మే నెల విజయవాడలో హీటర్ ప్రసక్తే రాదు. ఏసీ 26 మీద పెట్టి, గాలి బిడ్డ మీద పడకుండా చూస్తే సరిపోతుంది. జనవరిలో హైదరాబాద్‌లోనైతే చిన్న హీటర్ కావాలి. దాన్ని బిడ్డకు కనీసం ఒక మీటరు దూరంలో, వేడిగాలి నేరుగా తగలకుండా పెట్టాలి. బిడ్డకు చలివేస్తోందా లేదా అన్నది చేతులు తాకి చూస్తే తెలియదు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడాలి. ఎక్కువ వేడి కూడా తక్కువ చేటు కాదు. ముఖం ఎర్రబడి, మెడ దగ్గర చెమట పట్టి, గబగబా ఊపిరి తీస్తూ మత్తుగా పడుకున్న బిడ్డను చూసి ‘బాగా నిద్రపోయాడు’ అని సంతోషించకూడదు. వేడికి సోలిపోవడం వేరు, నిద్ర వేరు.

ఈ ఫొటోలకు పుట్టిన 5వ రోజు నుంచి 14వ రోజు వరకు అనువైన కాలం అంటారు. తల్లి కడుపులో ముడుచుకున్న అలవాటు అప్పటికింకా పోదు. నిద్ర కూడా ఎక్కువ. మూడో వారం దాటాక ముఖం మీద చిన్న పొక్కులు, సాయంత్రాలు కడుపునొప్పి ఏడుపులు మొదలవుతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే తెలుగిళ్లలో పురుడు నడుస్తుంటుంది. బాలింత గడప దాటదు, పదకొండో రోజు దాకా బిడ్డను బయటికి తీసుకెళ్లనివ్వరు. పసిగుడ్డుకి ఫొటో తీస్తే మంచిది కాదని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారితో వాదానికి దిగడం కన్నా ఫొటోగ్రాఫర్‌ని పుట్టింటికే పిలిపించుకోవడం తేలిక. నిజానికి బిడ్డకూ అదే సుఖం. ప్రయాణం తప్పుతుంది, బయటి జనం తగలరు, సిజేరియన్ కుట్లతో ఉన్న తల్లి తన మంచం మీదే ఉండొచ్చు.

అలాంటి ఇంట్లో తొమ్మిదో రోజు బిడ్డకు, బరువు మూడు కిలోలకు కాస్త తక్కువ అనుకుందాం, ఫొటోలు తీయడం ఇలా సాగుతుంది. ఉదయం తొమ్మిదిన్నరకి ఫొటోగ్రాఫర్, సహాయకురాలు వస్తారు. ఉంగరాలు, గాజులు తీసి మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంటారు. దగ్గు, జలుబు, పెదవి మీద పొక్కు ఉన్నవారు రానే కూడదు. కిటికీ పక్కన బీన్‌బ్యాగ్ వేసి, వాసన లేని సబ్బుతో ఉతికిన గుడ్డలు పరుస్తారు. ఈలోపు తల్లి పాలు పట్టి తేన్పు తీయిస్తుంది. మొదట బిడ్డను గుడ్డలో చుట్టే తీస్తారు. చేతులు లోపల ఉంటే ఉలిక్కిపడి లేవడం తగ్గుతుంది. కాళ్లను మాత్రం బిగించి చాచకూడదు, తుంటి కీళ్లకు చెరుపు. లోపల కప్పలా ముడుచుకునే వీలుండాలి. బొడ్డు ఇంకా ఊడకపోతే దాని మీద బిగువు పడకుండా చుడతారు.

నిద్ర పట్టిన వెంటనే భంగిమ మార్చరు. కళ్లు రెప్పల కింద కదులుతూ, నిద్రలో నవ్వుతూ ఉన్నంతసేపూ అది తేలిక నిద్రే. నవ్వు ఫొటోలు దొరికేది అప్పుడే. ఓ ఇరవై నిమిషాలకు పిడికిళ్లు విచ్చుకుంటాయి, చెయ్యి కాస్త ఎత్తి వదిలితే బరువుగా జారిపోతుంది. అప్పుడు చుట్టు విప్పుతారు, అది కూడా ఒక్కసారిగా కాదు. కదిలిన ప్రతిసారీ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఆగుతారు. బిడ్డను బుట్టలో పెడితే, అది ఒరగకుండా అడుగున బరువు పెట్టి, సహాయకురాలు చెయ్యి చాచితే అందేంత దూరంలో కూర్చుంటుంది. గాజు సీసాలు, అంచు పదునున్న పాత్రలు ఎంత అందంగా ఉన్నా వాడరు. మధ్యలో పాలు, ఒంటికి, రెంటికి, మళ్లీ పాలు. మూడు గంటలు పట్టినా అసలు కెమెరా నొక్కేది అరగంటకు మించదు. ఏ భంగిమకైనా బిడ్డ రెండుసార్లు ఏడిస్తే దాన్ని వదిలేస్తారు. ఫ్రాగీ పోజ్ అందరు బిడ్డలకూ కుదరదు, కుదరకపోతే తల్లి ఒళ్లో, తండ్రి అరచేతుల్లో తీసినవి ఉండనే ఉన్నాయి.

కెమెరా ఫ్లాష్ వల్ల కళ్లు పాడవుతాయన్న భయానికి ఆధారం లేదు. పైగా వెలుగును పెద్ద సాఫ్ట్‌బాక్స్ గుండా పక్క నుంచి మెత్తగా పడేలా చేస్తారు. భయపడాల్సింది ఆ లైటు స్టాండు మీద పడుతుందేమోనని. దాని కాళ్ల మీద ఇసుక మూట ఉందో లేదో చూడాలి. ఆ రోజు బిడ్డకు నూనె రాయకపోతే మంచిది, జారుతుంది. కంట్లో కాటుక వద్దని పిల్లల డాక్టర్లు ఎలాగూ చెబుతున్నారు. దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోవచ్చు.

కొందరు బిడ్డలకు వాయిదా తప్పదు. నెలలు నిండక పుట్టినవారికి రోజుల లెక్క పనికిరాదు, డాక్టరు సరేనన్నాకే. పచ్చకామెర్లు చాలామందిలో మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య ఎక్కువగా కనిపిస్తాయి. ఫొటోలో ఆ పసుపును కంప్యూటర్‌లో తీసేయడం చిటికెలో పని, అయితే పొట్ట, కాళ్ల దాకా పచ్చగా ఉన్నా, బిడ్డ పాలు సరిగా తాగకపోయినా ముందు చూపించాల్సింది డాక్టరుకి. మొదటి ఫొటో కన్నా రక్తపరీక్షే ముందు.

బుకింగ్ ఆరో, ఏడో నెలలో చేసుకుంటారు. ఇవ్వాల్సింది ప్రసవం తేదీ కాదు, డాక్టరు చెప్పిన అంచనా తేదీ. ఆ రోజే పుట్టే పిల్లలు చాలా తక్కువ కాబట్టి ఫొటోగ్రాఫర్ ఆ చుట్టుపక్కల రెండు మూడు వారాలు ఖాళీ ఉంచుకుని, కొంత అడ్వాన్సు తీసుకుంటారు. బిడ్డ పుట్టిన రోజో మర్నాడో తండ్రి ఫోన్ చేస్తే అసలు రోజు ఖాయమవుతుంది. సిజేరియన్ అయితే ఎనిమిదో రోజు తర్వాత పెట్టుకోవడం తల్లికి సుఖం. అడ్వాన్సు ఇచ్చేముందు కొన్ని సంగతులు రాయించుకోవాలి. బిడ్డ ఎన్ఐసీయూలో ఉండిపోతే డబ్బు వెనక్కిస్తారా లేక తేదీ మారుస్తారా, సహాయకురాలు తప్పక వస్తుందా, చెప్పిన ధరలో ఎడిట్ చేసిన ఫొటోలు ఎన్ని, ఆల్బమ్ అందులోదేనా, ఊరు దాటి వస్తే దారిఖర్చు ఎవరిది, ఫొటోలు ఎన్ని వారాలకు చేతికొస్తాయి అన్నవి. ఇంకొకటి, బిడ్డ ఫొటోను ఫొటోగ్రాఫర్ తన ప్రచారానికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా అన్నది. చాలా బుకింగ్ కాగితాల్లో అనుమతి ఇచ్చినట్టే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వద్దనుకుంటే ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం చేసి ఇవ్వవచ్చు.