భాష వచ్చినా వదలని తప్పు

ఇంగ్లీషు మీడియంలో చదివి ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్ల నోట కూడా ఒక వాక్యం తరచుగా వినిపిస్తుంది: ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఆర్ యు గోయింగ్’. ఎక్కడికి వెళ్తున్నావని ఆయన నన్ను అడిగాడని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్’ అనాలి. ఆ సూత్రాన్ని వాళ్లంతా బడిలో డైరెక్ట్, ఇండైరెక్ట్ స్పీచ్ పేరుతో నేర్చుకున్నారు. పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, తెలిసిన మాటలు వేలల్లో పెరిగాయి, తడబాటు పోయింది. ఈ ఒక్కచోట మాత్రం మాట పాతదారినే పోతుంది.

దీన్ని అజాగ్రత్త అనో, గ్రామర్ రాకపోవడం అనో కొట్టిపారేస్తాం. అమెరికన్ భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్ 1972లో రాసిన ఒక వ్యాసం ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. రెండో భాష నేర్చుకునే మనిషి మాట్లాడేది ఆ భాషకు చెడిపోయిన రూపం కాదని ఆయన వాదించాడు. అది మాతృభాషా కాదు, నేర్చుకుంటున్న భాషా కాదు. తనకంటూ సొంత సూత్రాలున్న మూడో వ్యవస్థ. దానికి ఆయన ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టాడు. మనం మధ్యభాష అనుకోవచ్చు. నేర్చుకునేకొద్దీ అది మారుతూ, లక్ష్యభాషకు దగ్గరవుతూ ఉంటుంది. అయితే అందులో కొన్ని భాగాలు ఒక దశలో కదలడం మానేస్తాయి. ఎంత చదివినా, ఎంత విన్నా మారవు. ఈ స్థితిని ఆయన ‘ఫాసిలైజేషన్’ అన్నాడు, అంటే శిలాజంలా గట్టిపడిపోవడం. జర్మన్లు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తమ భాషలో లాగే చోటు కంటే ముందు కాలాన్ని చెప్పడం ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. గట్టిపడిన రూపం పోయినట్టే పోయి, మనసు కష్టమైన విషయం మీద ఉన్నప్పుడో, కంగారులోనో మళ్లీ బయటికొస్తుందని కూడా ఆయన గమనించాడు.

మొదటి వాక్యాన్ని ఈ దృష్టితో విప్పి చూద్దాం. తెలుగులో ఒకరు అడిగిన ప్రశ్నను ఇంకొకరికి చెప్పాలంటే చాలా సులువు. ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు ఉంచి, చివర ‘అని’ చేర్చి, ‘అడిగాడు’ అంటే సరిపోతుంది. ప్రశ్న లోపల కాలం మార్చక్కర్లేదు, మాటల వరుస మార్చక్కర్లేదు. ఇంగ్లీషులో మాత్రం మూడు మార్పులు జరగాలి. ‘యు’ పోయి ‘ఐ’ రావాలి. ‘ఆర్’ అన్న వర్తమానం ‘వజ్’ అన్న భూతకాలం కావాలి. ప్రశ్నలో కర్తకు ముందుకొచ్చిన క్రియ మళ్లీ కర్త వెనక్కి వెళ్లాలి.

కొంత ముందుకెళ్లినవాళ్లు ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఆమ్ ఐ గోయింగ్’ అంటారు. అంటే సర్వనామం సరిదిద్దుకున్నారు కానీ మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఈ వాక్యం తెలుగుకు అనువాదం కాదు. ‘ఆమ్ ఐ’ అని క్రియను ముందుకు తెచ్చే పద్ధతి తెలుగులో లేదు, అది ఇంగ్లీషు ప్రశ్న నుంచి నేర్చుకున్నది. ప్రశ్నను కదపకుండా లోపల పెట్టవచ్చన్న నమ్మకం మాత్రం తెలుగు ఇచ్చినట్టుంది. రెండు భాషల సూత్రాలు కలిసి, రెండింటిలోనూ లేని వాక్యాన్ని పుట్టించాయి. ఇదే మధ్యభాష. మాట్లాడేవాళ్లకు అది తప్పుగా తోచదు, ఎందుకంటే అది వాళ్ల తలలో ఉన్న సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

‘ఇచ్చినట్టుంది’ అని జాగ్రత్తగా అనడానికి కారణం ఉంది. హిందీవాళ్లు, మరెన్నో భాషలవాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తారు. ఇంగ్లీషు ప్రశ్నలో నేర్చుకున్న వరుసను అవసరం లేనిచోటికీ లాక్కెళ్లినందువల్ల కూడా ఇది రావచ్చు. మాతృభాషలో పోలిక కనబడినంత మాత్రాన కారణం అదేనని తీర్పు చెప్పకూడదు. మరి తేల్చేదెలా? ఒకే దేశంలో, ఒకే తరహా బడుల్లో, ఒకే భాషను నేర్చుకుంటూ, మాతృభాష మాత్రం వేరుగా ఉన్న రెండు గుంపులు కావాలి.

అలాంటి దేశం ఫిన్లాండ్. అక్కడ ఎక్కువమందిది ఫిన్నిష్, కొద్దిమందిది స్వీడిష్. ఫిన్నిష్‌లో ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు. మన ‘లో’, ‘కి’, ‘నుంచి’ మాదిరిగా విభక్తులు నామం చివర చేరతాయి. స్వీడిష్‌లో ఇంగ్లీషుకు లాగే ఆర్టికల్స్ ఉన్నాయి, నామానికి ముందు వచ్చే ప్రిపొజిషన్లూ ఉన్నాయి. స్కాట్ జార్విస్ అనే పరిశోధకుడు చార్లీ చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ సినిమాలోని ఘట్టాలు చూపించి, చూసిన కథను ఇంగ్లీషులో రాయమని రెండు గుంపుల బడిపిల్లలనూ అడిగాడు. ఫిన్నిష్ పిల్లలు ఆర్టికల్స్‌నూ, కొన్నిచోట్ల ప్రిపొజిషన్లనూ వదిలేశారు. స్వీడిష్ పిల్లల్లో ఆ రకం లోపం చాలా అరుదు. దేశం, చదువు ఒకటే అయినప్పుడు ఈ తేడాను మాతృభాషే వివరించగలదు. తప్పు మాతృభాషదేనని చెప్పాలంటే మూడు కుదరాలి: ఆ భాషవాళ్లందరిలో అది కనబడాలి, వేరే భాషవాళ్లలో కనబడకూడదు, వాళ్లు సొంతభాషలో మాట్లాడే తీరుతో అది సరిపోలాలి.

తప్పు ఎక్కడ పుట్టిందో ఇలా తెలుస్తుంది. అది ఎందుకు నిలిచిపోతుందన్నది వేరే ప్రశ్న. దీనికి భాషాశాస్త్రంలో బాగా తెలిసిన సాక్షి ఒక మహిళ. పరిశోధకురాలు డోనా లార్డియేర్ ఆమెను ‘ప్యాటీ’ అన్న మారుపేరుతో పరిచయం చేసింది. ప్యాటీ ఇండొనేషియాలో పుట్టిన చైనీస్ మహిళ. 22 ఏళ్లకు అమెరికా వెళ్లి, ఇంగ్లీషు మధ్యే జీవించింది. అక్కడ సుమారు పదేళ్లు గడిచాక లార్డియేర్ ఆమె మాటలను రికార్డు చేసింది. భూతకాలం వాడాల్సిన చోట్లలో ప్యాటీ దాన్ని వాడింది దాదాపు 34 శాతం సార్లే. మరో ఎనిమిదిన్నరేళ్ల తర్వాత మళ్లీ రికార్డు చేస్తే అప్పుడూ దాదాపు అదే 34 శాతం. ఇన్నేళ్లు పూర్తిగా ఇంగ్లీషులో మునిగి ఉన్నా ఆ అంకె కదలలేదు.

అయితే అదే ప్యాటీ ‘హి’ అనాల్సిన చోట ‘హిమ్’ అని, ‘షి’ అనాల్సిన చోట ‘హర్’ అని ఒక్కసారీ అనలేదు. చైనీస్‌లో సర్వనామాలకు ఈ రూపభేదం లేదు, క్రియకు భూతకాల ప్రత్యయమూ లేదు. మాతృభాషలో లేని రెండింటిలో ఒకటి పూర్తిగా పట్టుబడింది, రెండోది ఆగిపోయింది. కాబట్టి గట్టిపడడం భాష మొత్తానికి ఒక్కసారిగా జరిగేది కాదు, ఒక్కో నిర్మాణానికి విడివిడిగా జరుగుతుంది. ‘నా ఇంగ్లీషు ఇక్కడితో ఆగిపోయింది’ అని బాధపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆగినవి కొన్ని ముక్కలే, మిగతాది ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ప్యాటీ కథలో మరో ఆధారమూ ఉంది. ఆమె రాసిన ఈమెయిళ్లలో భూతకాలం నాలుగింట మూడు వంతులకు పైగా సరిగ్గా వచ్చింది. అంటే సూత్రం ఆమెకు తెలియనిది కాదు. ‘వాక్‌డ్’ లాంటి మాటల చివర రెండు హల్లులు కలిసి వస్తాయి, చైనీస్‌లో మాట అలా ముగియదు. నోరు ఆ చివరి ధ్వనిని వదిలేయడం ఒక కారణమని లార్డియేర్ వివరించింది. వ్యాకరణం తప్పులా కనిపించేదాని వెనుక ఉచ్చారణ ఉండవచ్చు. చికిత్స చేసేముందు తెలుసుకోవాల్సిన విషయం ఇది.

మరి నిత్యం సరైన రూపం చెవిన పడుతున్నా తప్పు ఎందుకు పోదు? కెనడాలోని క్విబెక్‌లో లిడియా వైట్ చేసిన ప్రయోగం దీనికి ఒక జవాబు చూపింది. ఫ్రెంచ్‌లో ‘తరచుగా’ వంటి మాట క్రియకూ కర్మకూ మధ్య వస్తుంది. దాంతో ఫ్రెంచ్ పిల్లలు ఇంగ్లీషులో ‘మేరీ డ్రింక్స్ ఆఫెన్ కాఫీ’ అంటారు. ఇంగ్లీషులో ఆ మాట క్రియకు ముందు రావచ్చు, వాక్యం చివరా రావచ్చు, మధ్యలో మాత్రం కుదరదు. ఎంత ఇంగ్లీషు విన్నా పిల్లలకు తెలిసేది ఏవేవి అంటారన్నదే. ఏది అనకూడదన్నది వినికిడి చెప్పదు. సరైనవి రెండు వినబడినా, తమ మూడోది తప్పని వాళ్లకు తట్టదు.

అందుకే వైట్ ఒక గుంపుకు ఈ నియమాన్ని రెండు వారాలు స్పష్టంగా నేర్పించి, తప్పును తప్పని చెప్పించింది. ఇంకో గుంపుకు ప్రశ్నలు వేయడం మాత్రమే నేర్పించారు. మొదటి గుంపు మారింది, ఐదు వారాల తర్వాతా నిలిచింది. రెండోది పెద్దగా మారలేదు. కానీ ఏడాది తర్వాత పరీక్షిస్తే మొదటి గుంపు పిల్లలు కూడా పాతదారికే తిరిగొచ్చారు. మధ్యలో ఆ పాఠాన్ని ఎవరూ మళ్లీ తలపెట్టలేదు. వినడం ఒక్కటే చాలదు, ఒకసారి చెప్పి వదిలేసినా చాలదు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో అడ్డంకి ఉంది. ‘వేర్ ఆర్ యు గోయింగ్’ అన్నా ఎదుటివారికి అర్థమవుతుంది, పని జరుగుతుంది, ఎవరూ సరిదిద్దరు. పైగా చుట్టూ ఉన్న తెలుగువాళ్లూ అలాగే అంటారు. ఇక్కడే ఒక పెద్ద వివాదం వచ్చింది. సమాజమంతటా ఇలా గట్టిపడిన మధ్యభాషకు భారతీయ ఇంగ్లీషును సెలింకర్ ఉదాహరణగా చూపాడు. బ్రజ్ కచ్రు వంటి పండితులు దీన్ని ఒప్పుకోలేదు. తరతరాలుగా ఒక సమాజం తనలో తాను వాడుకుంటున్న ఇంగ్లీషు దానికదే ఒక రూపమని, లండన్‌తో కొలిచి లోపం అనకూడదని వారి వాదన. ఇది న్యాయమైన వాదన. ఏ తప్పు దిద్దుకోవాలో నిర్ణయించే ముందు, ఎవరితో మాట్లాడబోతున్నామో చూసుకోవాలి.

దిద్దుకోవాలనుకున్నవాళ్లకు పరిశోధన చూపే దారి ఇది. ఒక్క నిర్మాణాన్ని ఎంచుకోండి. నిన్న ఎవరితోనో జరిగిన సంభాషణను ఇంగ్లీషులో చెబుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ నిర్మాణం రావాల్సిన చోట్లు ఎన్ని, సరిగ్గా వచ్చినవి ఎన్నో లెక్కపెట్టండి. అదే విషయాన్ని రాసి చూడండి. రాతలో సరిగ్గా ఉండి మాటలో పోతుంటే లోపం జ్ఞానంలో లేదు, వేగంలోనో ఉచ్చారణలోనో ఉంది. సాధన అక్కడ చేయాలి. కొన్ని నెలల తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. అంకె మారకపోయినా ఇక ఎప్పటికీ మారదని అర్థం కాదు. శాశ్వతంగా ఆగిందని తేల్చాలంటే మనిషిని జీవితాంతం గమనించాలి. అందుకే మైకేల్ లాంగ్ వంటివారు స్థిరపడిందని అనడమే సబబన్నారు.

ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఇండైరెక్ట్ స్పీచ్‌ను ఒక్క యూనిట్‌లో చెప్పి, పరీక్షతో ముగించకండి. మన ‘అని’ పక్కన ఇంగ్లీషు వాక్యాన్ని పెట్టి, ఏది కుదరదో నోరు విప్పి చెప్పండి. రెండు నెలలకు ఒకసారి, మళ్లీ ఏడాదికి ఒకసారి అదే పాఠానికి తిరిగి రండి. తప్పు చేసిన పిల్లవాణ్ని తెలివితక్కువవాడని మాత్రం అనకండి. వాడు రెండు భాషల సూత్రాలను కలిపి మూడోది కట్టుకున్నాడు. దాన్ని సరిచేసుకోవడానికి కావలసిన సమాచారం మీరు చెబితే తప్ప వాడికి మరో దారిలో అందదు.