అగ్రిమెంటు నడుమ మానేసినా సర్వీసు పైసలు వస్తయి.. కాని రాతపూర్వకంగ అడగాలె

నేరేడుచర్ల దిక్కు గల్ఫ్ ముచ్చట ఎప్పుడొచ్చినా ఒక మాట ఇనవడ్తది: "అగ్రిమెంటు నిండకముందే ఇంటికొస్తే సర్వీసు పైసలు రావు." ఈ మాట నమ్మి మనోళ్ళు చానమంది అడగకుండనే విమానమెక్కుతరు. దుబాయి, అబుదాబి, షార్జా ఉన్న యూఏఈ వరకైతే ఈ మాటకు కాలం చెల్లింది. అది ఎట్లనో, పైసలు ఎట్ల అడగాలెనో ఒక లెక్కతోని చెప్త.

ఆ మాట ఊరికెనే పుట్టలేదు. యూఏఈల 1980 నాటి లేబర్ చట్టం అట్లనే ఉండె. గడువు పెట్టిన అగ్రిమెంటు మీద పోయినోడు ఐదేండ్లు నిండకముందే తనంతట తాను మానేస్తే గ్రాట్యుటీ రాకపోయేది. ముందుగాల పోయొచ్చిన పెద్దలు చెప్పింది ఆ రోజులకు నిజమే. తర్వాత 2021ల 33వ నంబరు ఫెడరల్ చట్టం తెచ్చిన్రు. 2022 ఫిబ్రవరి 2 నుంచి అది నడుస్తున్నది. దాని ప్రకారం ఏడాది సర్వీసు నిండితే చాలు, రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇయ్యాలె. రాజీనామా చేసిండని అండ్ల కోత లేదు.

ఇగ లెక్క చూద్దాం. మన దిక్కు తమ్ముడొకడు 2022 మార్చి 1న దుబాయిల ఒక కంపెనీల చేరిండు అనుకుందాం. నెలకు చేతికొచ్చేది 1,500 దిర్హాములు. అండ్ల బేసిక్ 900, మిగిలింది రూము, తిండి కింద ఇచ్చే అలవెన్సు. ఇంటికాడ అమ్మకు పానం బాగలేక 2025 జూన్ 30న ఆఖరి డ్యూటీ చేసిండు. అంటే 3 ఏండ్ల 4 నెలల సర్వీసు.

గ్రాట్యుటీ బేసిక్ మీదనే కడ్తరు, మొత్తం జీతం మీద గాదు. మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ వస్తది. ఐదేండ్లు దాటినంక ఒక్కో ఏడాదికి 30 రోజులది. 900ని 30తోని భాగిస్తే రోజుకు 30 దిర్హాములు. 21 రోజులకు 630. మూడేండ్లకు 1,890, మీది నాలుగు నెలలకు 210. మొత్తం 2,100 దిర్హాములు. మన రూపాయలల్ల దాదాపు యాభై వేలు. జీతం లేని సెలవు మీద ఇంట్ల ఉన్న రోజులుంటే వాటిని సర్వీసు నుంచి తీసేస్తరు.

దీనికి ఇంకో రెండు కలుపుకోవాలె. వాడుకోని సెలవులు 20 రోజులు మిగిలినయనుకుంటే, అవి కూడ బేసిక్ మీదనే కడ్తరు, 600 దిర్హాములు. జూన్ నెల జీతం 1,500. అన్నీ కలిపితే 4,200 దిర్హాములు. టికెట్ సంగతి అగ్రిమెంట్ల సూసుకోవాలె. మనంతట మనం మానేసినప్పుడు అది మన మీదనే పడొచ్చు.

ఈ లెక్క నిలవాలంటే రాజీనామా లెటర్ సక్కగుండాలె. అసలు తిప్పలు ఇక్కడనే ఉన్నది. సూపర్‌వైజర్‌కు నోటితోని చెప్పి, పాస్‌పోర్టు తీసుకొని ఎళ్ళిపోతే అది రాజీనామా లెక్కల రాదు. నోటీసు రాతపూర్వకంగ ఇయ్యాలె. అగ్రిమెంట్ల ఎంత రాసుంటే అన్ని రోజులు, 30కి తక్కువ గాకుండ, 90కి మించకుండ, పని చెయ్యాలె. నోటీసు చెయ్యకుండ పోతే ఆ రోజుల జీతం కంపెనీ మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. మన తమ్ముడికైతే అది 1,500 దిర్హాములు. వారం రోజులకు మించి వరుసగ డ్యూటీకి పోకపోతే నోటీసు లేకుండనే తీసేసే హక్కు కూడ కంపెనీకి వస్తది.

లెటర్ల ఏం రాయాలె? ఇంగ్లిష్‌లనో అరబీలనో ఇంత రాస్తే సరిపోతది:

"నేను ఫలానా, పాస్‌పోర్టు నంబరు ఇది, లేబర్ కార్డు నంబరు ఇది. 2022 మార్చి 1 నుంచి మీ కంపెనీల పని చేస్తున్న. అమ్మ ఆరోగ్యం బాగలేనందున రాజీనామా చేస్తున్న. ఈ లెటర్ తేది 2025 మే 31. అగ్రిమెంటు ప్రకారం 30 రోజుల నోటీసు చేస్త. నా ఆఖరి పని దినం 2025 జూన్ 30. నాకు రావాల్సిన గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల పైసలు, జూన్ జీతం లెక్క గట్టి, ఆఖరి దినం నుంచి 14 రోజులల్ల నా బ్యాంకు ఖాతాల వెయ్యాలని కోరుతున్న."

ఆ 14 రోజుల మాట మనం కల్పించింది గాదు, చట్టంల ఉన్నదే. మన తమ్ముడి లెక్కల అది జూలై 14 వరకు. లెటర్ హెచ్ఆర్‌కు మెయిల్ చెయ్యాలె, ఎందుకంటే మెయిల్ల తేదీ దానంతట అదే పడ్తది. కాయితం మీద ఇస్తే రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలె. ఇయ్యనంటే ఆ కాయితం ఫొటో వాట్సాప్‌ల కూడ పంపాలె.

ఆఖర్ల ఇంకో గండం ఉంటది. వీసా క్యాన్సల్ చేసేటప్పుడు పీఆర్వో ఒక కాయితం ముందు పెడ్తడు. "నాకు రావాల్సినయన్నీ ముట్టినయి" అని దాని మీద రాసుంటది. "సంతకం పెట్టు, పైసలు రేపు వేస్త" అంటడు. సంతకం పెట్టినంక కొట్లాడుడు కష్టం. పైసలు ఖాతాల పడినంకనే సంతకం పెట్టాలె. హిసాబు కాయితంల వీసా ఖర్చు అని కోత కనవడితే ఒప్పుకోవద్దు. మనిషిని తెచ్చుకునే ఖర్చు పనోడి మీద వెయ్యొద్దని అదే చట్టం చెప్తది.

14 రోజులు దాటినా పడకపోతే అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చెయ్యాలె. MOHRE యాప్‌ల చెయ్యొచ్చు, లేకుంటే 80084కు ఫోన్ చెయ్యొచ్చు. ముందుగాల ఇద్దరిని పిలిచి రాజీ చేస్తరు. కుదరకపోతే 50 వేల దిర్హాముల లోపు కేసులల్ల ఆ శాఖనే తీర్పిస్తది. మనోళ్ళ లెక్కలు చాన వరకు దాని లోపలనే ఉంటయి. అక్కడ లెటర్, అగ్రిమెంటు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, ఈ మూడే మాట్లాడుతయి. విమానమెక్కే ముందే వీటిని ఫోన్ల పెట్టుకోని, ఇంటికి కూడ పంపాలె.

2020ల కరోనా అప్పుడు వందే భారత్ విమానాలల్ల వచ్చినోళ్ళు చానమంది హిసాబు కాకుండనే ఎక్కిన్రు. ఇప్పుడు అట్ల వచ్చినోళ్ళకు కొంత దారున్నది. ఫిర్యాదు గడువు మొదట ఏడాదే ఉండె, 2024ల దాన్ని రెండేండ్లు చేసిన్రు. మన తమ్ముడు 2027 జూన్ ఆఖరు వరకు అడగొచ్చు. ఇక్కడున్నోళ్ళు అక్కడి నమ్మకస్తునికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపి నడిపించుకోవచ్చు. భారత విదేశాంగ శాఖ MADAD పోర్టల్‌ల కూడ ఫిర్యాదు పెట్టొచ్చు.

ఒక మాట యాదిల పెట్టుకోవాలె. ఇదంతా యూఏఈ కంపెనీల పని చేసేటోళ్ళకు. ఇంట్ల వంట, డ్రైవింగ్ చేసేటోళ్ళకు అక్కడ వేరే చట్టమున్నది. సౌదీ లెక్క ఇంకో తీరు. అక్కడ రెండేండ్లు నిండకముందు రాజీనామా చేస్తే ఏం రాదు. రెండు నుంచి ఐదేండ్ల నడుమ చేస్తే మూడింట ఒక వంతే ఇస్తరు, ఐదు నుంచి పదేండ్ల నడుమ మూడింట రెండు వంతులు, పదేండ్లు దాటితే పూర్తిగ. అంటే సౌదీల నాలుగేండ్ల పదినెలలకు మానేసుడు, ఇంకో రెండు నెలలు ఆగి మానేసుడు ఒకటి గాదు. అందుకే లెటర్ మీద తేదీ వేసే ముందు చేరిన తేదీ ఒకసారి తీసి చూసుకోవాలె.