ఆక్యుపేషన్ అంటే ఒకటి, ప్రొఫెషన్ అంటే ఇంకొకటి

బ్యాంకు ఫారంలో ‘ఆక్యుపేషన్’ అని కనిపించగానే చాలామంది ‘జాబ్’ అని రాసేస్తారు. సీవీలోనూ అంతే, ప్రొఫెషన్, పోస్టు, కెరీర్ అన్నీ ఒకటే అనుకుంటారు. నిజానికి ఒక్కో మాటా ఒక్కో ప్రశ్న అడుగుతుంది.

విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే నర్సునే తీసుకుందాం. జీఎన్ఎం చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరై, ఐసీయూలో డ్యూటీ చేస్తున్నారు. బ్యాంకు ఆమెను ఆక్యుపేషన్ అడుగుతోందంటే, డబ్బు ఏ దారిన వస్తోందని అర్థం. నెలనెలా జీతం కాబట్టి ‘ప్రైవేట్ సర్వీస్’ లేదా ‘శాలరీడ్’ దగ్గర టిక్ పెట్టాలి. పక్కనే ‘ప్రొఫెషనల్’ అన్న గడి ఉంటుంది. నర్సింగ్ ప్రొఫెషనే కదా అని దాన్ని ఎంచుకుంటే తప్పు. ఆ గడి సాధారణంగా సొంతంగా ప్రాక్టీసు చేసుకునే డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లకు ఉద్దేశించింది.

విడిగా ‘ప్రొఫెషన్’ అని అడిగిన చోట మాత్రం ‘నర్సింగ్’ అనే రాయాలి. చదివి, శిక్షణ పొంది సంపాదించుకున్న వృత్తి అది. రేపు ఆసుపత్రి మారినా అది మారదు.

మారేది డెజిగ్నేషన్, అంటే హోదా. యాజమాన్యం ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్లో ‘స్టాఫ్ నర్స్’ అని ఉంటే సీవీలోనూ అక్షరం మార్చకుండా అదే ఉండాలి. వార్డు బాధ్యతంతా ఆమే చూస్తున్నా, ఆర్డరు చేతికి రానిదే ‘ఇన్‌ఛార్జి’ అని వేసుకోకూడదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తే ఆ తేడా ఇట్టే దొరికిపోతుంది. చేస్తున్న అదనపు పనిని హోదా కింద, విధుల్లో రాసుకుంటే ఎవరూ కాదనరు.

‘పోస్ట్ అప్లైడ్ ఫర్’ అన్నది ఇప్పుడున్న ఉద్యోగం గురించి కాదు, కోరుకుంటున్న దాని గురించి. ఎయిమ్స్ నోటిఫికేషన్‌లో ఆ పోస్టు పేరు ‘నర్సింగ్ ఆఫీసర్’. దరఖాస్తులో ‘స్టాఫ్ నర్స్’ అని రాయకూడదు.

కెరీర్ అంటే మొదటి ఉద్యోగం నుంచి ఇప్పటిదాకా సాగిన ప్రయాణమంతా. ‘నా కెరీర్ స్టాఫ్ నర్స్’ అనడం కుదరదు, ‘నర్సింగ్‌లో ఆరేళ్ల కెరీర్’ అంటే కుదురుతుంది.

జీవిత బీమా ఫారం దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. అక్కడ ఆక్యుపేషన్‌ను బట్టి ప్రమాదాన్ని అంచనా వేస్తారు. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ ‘ఉద్యోగి’ అని ఒక్క మాటతో సరిపెడితే, అసలు సంగతి దాచినట్టవుతుంది. ముఖ్యమైన విషయం దాచారన్న కారణంతో పాలసీని మొదటి మూడేళ్లలో ప్రశ్నించే హక్కు బీమా చట్టం 45వ సెక్షన్ కంపెనీకి ఇచ్చింది. అందుకే అక్కడ ఏ సంస్థలో ఉన్నారో రాసి ఊరుకోకండి, రోజూ చేసే పనేమిటో విడమరిచి రాయండి.