రెండు-ఇరవై అంటే ఎంత?

నల్లగొండ వైపు ఒక రైతు కూతురు అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసి, ఆర్థిక సాయం కూడా అడిగిందనుకుందాం. కుటుంబ ఆస్తి వివరాలు పంపమంటుంది అక్కడి ఆఫీసు. ఇంట్లో ఉన్నది పాత పట్టాదారు పాసు పుస్తకం. అంతా తెలుగే, పైగా చేతిరాత. ఫోనుతో పేజీలు ఫొటో తీసి, ఇంగ్లీషు అనువాదం జతచేసి, పైన ఒక చిన్న ఉత్తరం రాయాలి. చాలామంది ఆ ఉత్తరంలో ‘పత్రాలు జతచేశాను, దయచేసి పరిశీలించండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అసలు చెప్పాల్సింది అక్కడే మిగిలిపోతుంది.

పుస్తకంలో విస్తీర్ణం ‘2-20’ అని ఉంటుంది. మనకది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. గుంట అనే మాటే వినని గుమస్తా దాన్ని 2.20 ఎకరాలుగా చదివేస్తాడు. అలాగని అనువాదకుడు మూలంలోని అంకెను చెరిపేసి 2.5 అని రాయకూడదు. ‘2-20’ని ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన చదరపు బ్రాకెట్లలో అనువాదకుడి వివరణగా అసలు లెక్క చెప్పాలి. బ్రాకెట్లలో ఉన్నదేదీ మూలంలో లేదని ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే చాలు, ఏది పత్రం మాటో ఏది అనువాదకుడి మాటో తేలిపోతుంది.

పేర్లదీ ఇదే చిక్కు. పుస్తకంలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వేరే గడిలో ఉంటుంది. తెలుగులో ‘లక్ష్మి’ ఒక్కటే అయినా, ఇంగ్లీషులో ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. పాస్‌పోర్టు స్పెల్లింగునే వాడామని ఉత్తరంలో చెప్పాలి.

తహసీల్దారు ముద్ర సగం అలికిపోయిందా? ఊహించి పూరించడం పెద్ద తప్పు. అనువాదంలో ఆ చోట ‘చదవడానికి వీల్లేదు’ అనే రాయాలి. ఉత్తరం ఇలా సాగితే బాగుంటుంది: ‘జతచేసినవి మూలపత్రానికి ఫోనుతో తీసిన ఫొటోలు. 2, 3 పేజీలను పూర్తిగా, మాటకు మాట అనువదించాం. వెనుక అట్టమీద ముద్రించిన సూచనలను అనువదించలేదు. 3వ పేజీలో ముద్ర కొంత చదవలేకపోయాం. మూలపత్రం మా దగ్గరే ఉంది, అడిగితే చూపగలం.’

అనువాదం ఎవరు చేశారన్నదీ దాచకూడదు. కూతురే చేసుంటే ఆ మాటే రాయాలి. దరఖాస్తుదారు సొంత అనువాదాన్ని ఒప్పుకోని ఆఫీసులు చాలానే ఉన్నాయి కాబట్టి ముందే అడిగి తెలుసుకోవడం మేలు. బ్రిటన్ వీసా నిబంధనల్లోనైతే అనువాదం మూలానికి సరైనదేనన్న ధ్రువీకరణ, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలని స్పష్టంగానే ఉంది. విశ్వవిద్యాలయం అడగకపోయినా ఈ అయిదూ ఇస్తే పోయేదేమీ లేదు. ‘సర్టిఫైడ్’ అనే మాట మాత్రం అధీకృత అనువాదకుడు సంతకం చేయనిదే వాడొద్దు.

పంపేముందు ఫొటోలను కంప్యూటర్ తెరమీద పెద్దవి చేసి చూడండి. నాలుగు అంచులూ కనబడకపోయినా, ఫ్లాష్ వెలుగు సర్వే నంబరు మీద పడినా, కిటికీ దగ్గర పగటి వెలుతురులో మళ్లీ తీయండి.