ముసుగు వేసుకున్న గొంతు

ముఖాన్ని మసకబార్చి, పేరు దాచి టీవీలో చూపించే సాక్షి గొంతు చాలాసార్లు మందంగా, రాక్షసుడి గొంతులా వస్తుంది. రికార్డింగును నెమ్మదిగా తిప్పితే వచ్చే ఫలితం అది. నిమిషంలో చెప్పిన మాటను నిమిషంపావుకు సాగదీస్తే, 120 హెర్ట్జ్ గొంతు 96కు దిగుతుంది. దాంతోపాటే నోరు, గొంతు కలిసిన గొట్టం కూడా 17 సెంటీమీటర్ల నుంచి 21కి పెరిగినట్టు చెవికి తోస్తుంది. అలాంటి మనిషిని ఎవరూ చూసి ఉండరు కాబట్టి వినగానే నకిలీ అని తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అదే రికార్డింగును 1.25 రెట్ల వేగంతో తిప్పితే అసలు గొంతు తిరిగొచ్చేస్తుంది.

మాటలో రెండు పనులు జరుగుతాయి. స్వరతంత్రులు సెకనుకు వందకు పైగా సార్లు మూసుకుంటూ తెరుచుకుంటూ శ్రుతిని పుట్టిస్తాయి. దాని మీది గొట్టం తన పొడవును, ఆకారాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాలను బలపరుస్తుంది. వాటినే ఫార్మెంట్లు అంటారు. సన్నాయిలో పీక వేరు, గొట్టం వేరు అయినట్టే ఇక్కడా. మాట సహజంగా వినిపిస్తూనే మనిషి మారాలంటే ఈ రెంటినీ విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో కొలతలో జరపాలి.

విడదీయడానికి తంత్రులు మూసుకునే క్షణాలు కచ్చితంగా దొరకాలి. 1990లో ఫ్రాన్స్‌లో ఎరిక్ మూలిన్, ఫ్రాన్సిస్ షార్పెంతియే ఆ క్షణాల చుట్టూ మాటను చిన్న ముక్కలుగా కోసి, దగ్గరగానో దూరంగానో పేర్చి శ్రుతి మార్చే పద్ధతిని ప్రచురించారు. మనవైపు ఈ పనిని లోతుగా చేసినవారు మద్రాసు ఐఐటీలోనూ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ పనిచేసిన బయ్యా యజ్ఞనారాయణ. ఆయన, కె. శ్రీనివాసరావు కలిసి 2006లో, గొట్టం ప్రభావాన్ని ముందు లెక్కగట్టి తీసేసి, మిగిలిన ధ్వనిలో క్షణాల దూరాన్ని మార్చి, మళ్లీ గొట్టంలోంచి పంపే దారి చూపించారు. 2008లో కె. శ్రీరామమూర్తితో కలిసి ఆ క్షణాలను పట్టుకోవడానికి ఇంకో తెలివైన ఉపాయం ఇచ్చారు. తంత్రులు మూసుకున్నప్పటి కుదుపు అన్ని పౌనఃపున్యాలకూ పాకుతుంది, సున్నా హెర్ట్జ్ దగ్గరకు కూడా. ఫార్మెంట్లు అంత కింద ఉండవు. అందుకే అక్కడ వెతికితే కుదుపు ఒక్కటే మిగులుతుంది. వాళ్ల ఉద్దేశం గొంతు దాచడం కాదు, మాట స్వభావాన్ని మార్చగలగడం. కానీ దాచేవారికీ అదే కావాలి.

భూపాలపల్లిలో ఒక బొగ్గు గని కాంట్రాక్టు కార్మికుడు జీతం కోతల గురించి చెబుతున్నాడనుకుందాం. అతని శ్రుతి సగటున 118 హెర్ట్జ్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాట్‌లో ఒక్క వరుస చాలు:

```
Change gender: 75, 300, 1.08, 145, 0.85, 1
```

మొదటి రెండు అంకెలు శ్రుతిని వెతికే హద్దులు. 1.08 అంటే ఫార్మెంట్లు ఎనిమిది శాతం పైకి. ‘ఆ’లో 700 దగ్గరున్న మొదటి ఫార్మెంట్ 756కు చేరుతుంది. 145 కొత్త శ్రుతి. 0.85 ఎత్తుపల్లాలను కాస్త తగ్గిస్తుంది. దాన్ని సున్నా చేస్తే అన్ని మాటలూ ఒకే శ్రుతిలో సాగి యంత్రం గొంతు అవుతుంది. చివరి 1 వల్ల మాట వేగం మారదు. ఫలితం ఇంకొక మగమనిషి గొంతు, కాస్త పొట్టివాడిది కావచ్చు.

చెడేది ఎక్కడో వినాలంటే ‘ఇస్తలేరు’ లాంటి మాటల్లో ‘స’ను హెడ్‌ఫోన్లతో వినాలి. ‘స’లో తంత్రులు కంపించవు. అక్కడ సాఫ్ట్‌వేర్ శ్రుతి ఉందని పొరపడితే తుమ్మెద మోత వస్తుంది. వాక్యం చివర గొంతు గరగరలాడే చోట క్షణాల గుర్తులు తప్పి బుడబుడమంటుంది. ఆ ముక్కలను విడిగా తీసి, శ్రుతి హద్దులు తగ్గించి మళ్లీ చేయాలి.

ఇంత చేసినా ముసుగు పలుచనిదే. ఫార్మెంట్ నిష్పత్తిని 0.80 నుంచి 1.20 దాకా ఒక్కో శాతం చొప్పున మార్చి చూస్తే 41 ప్రయత్నాలే. కంప్యూటర్‌కు అది లెక్కలోకి రాదు. 2020లో మొదలైన వాయిస్ ప్రైవసీ ఛాలెంజ్ పోటీలోనూ ఇదే తేలింది. ఏ పద్ధతి వాడారో తెలిసిన దాడిదారు ముందు సరళమైన మార్పులు త్వరగా తలవంచాయి.

ఇక మాటే మనిషిని పట్టిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు విడిపోయినా దగ్గరి వూళ్లవాళ్లు యాసను, ఊతపదాలను, లంబాడీ తండాలో పెరిగిన పలుకును ఇట్టే ఆనవాలు పడతారు. ఫార్మెంట్ జరిపినా ‘గట్ల’ గట్లే ఉంటుంది. వెనక షిఫ్టు సైరన్ మోగినా, మహబూబాబాద్ స్టేషన్‌లో రైలు ప్రకటన వినిపించినా మార్పు వాటిని చెరిపేయదు, శ్రుతి మార్చి అలాగే వదిలేస్తుంది.

ప్రాణభయం ఉన్నచోట జాగ్రత్తపరులైన విలేకరులు గొంతును అసలు వాడరు. సాక్షి మాటలను వేరే ప్రాంతం మనిషితో చదివించి రికార్డు చేస్తారు. అసలు ఫైలును ప్రసారం చేసే చోట ఉంచరు. అప్పుడు పోయేది అతని తడబాటు, మధ్యలో ఆగిన ఊపిరి. అవి కూడా కావాలనుకున్న దర్శకులే 1.08 దగ్గరకు మళ్లీ వస్తుంటారు.