లెక్క సరిపోయినా జవాబు తప్పే!

మరుగుతున్న నీళ్లలో బాగా వేడెక్కిన 200 గ్రాముల ఇనుప ముక్కను తీసి, రాగి కెలోరీమీటర్‌లో ఉన్న చల్లటి నీళ్లలో వేస్తారు. ముక్క ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్. కెలోరీమీటర్ బరువు 60 గ్రాములు, అందులో నీళ్లు 150 గ్రాములు, రెండూ 28 డిగ్రీల దగ్గర ఉన్నాయి. కాసేపు కలియబెట్టాక అన్నీ ఏ ఉష్ణోగ్రతకు చేరతాయి? హైస్కూల్ భౌతికశాస్త్రంలో ‘మిశ్రమాల పద్ధతి’ పేరుతో కనిపించే ప్రశ్నే ఇది. దీని వెనకున్న సూత్రాన్ని పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ పేరుతో పిలుస్తారు: వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం, చల్లటివి గ్రహించిన ఉష్ణం సమానం.

విశిష్టోష్ణాలు జౌళ్లలో తీసుకుందాం. ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి ఇనుముకు 0.45, నీటికి 4.18, రాగికి 0.385 జౌళ్లు కావాలి. వీటితో లెక్క కడితే చివరి ఉష్ణోగ్రత 36.76 డిగ్రీలు.

ఇది సరైనదేనా? జవాబును తిరిగి లెక్కలో పెట్టి చూడాలి. ఇనుము 63.24 డిగ్రీలు చల్లబడింది కాబట్టి 200 × 0.45 × 63.24, అంటే దాదాపు 5,692 జౌళ్లు వదిలింది. నీళ్లు, కెలోరీమీటర్ కలిసి 8.76 డిగ్రీలు వేడెక్కాయి. నీళ్లకు సుమారు 5,490, రాగికి 202 చేరాయి, మొత్తం 5,692. రెండు వైపులా సరిపోయింది. ఉష్ణోగ్రతను 36.8గా కుదిస్తే మాత్రం ముప్పై జౌళ్లకు పైగా తేడా కనిపిస్తుంది. అది తప్పు కాదు. నీళ్లు పెరిగిందే తొమ్మిది డిగ్రీలు కాబట్టి, అందులో దాదాపు రెండు వందల వంతు కదిలినా లెక్కలో తెలుస్తుంది.

ఇంతవరకు చాలామంది చేస్తారు, చేసి నిశ్చింతగా ఉంటారు. అసలు మోసం ఇక్కడే ఉంది.

ఒక విద్యార్థి ఇనుము, రాగి విలువలు జౌళ్లలోనే రాసి, నీటికి మాత్రం అలవాటుగా 1 వేశాడనుకుందాం. ఆ 1 కెలోరీలది. అప్పు రూపాయల్లో రాసి వసూలు డాలర్లలో రాసిన పద్దులాంటిది ఇది. అతనికి వచ్చే జవాబు 52.63 డిగ్రీలు. 28కీ 100కీ మధ్యే ఉంది కాబట్టి అనుమానం రాదు. తిరిగి లెక్కలో పెడితే ఇనుము వదిలింది 4,263, మిగతావి గ్రహించింది కూడా 4,263! తప్పు విలువతోనే సమీకరణం సాధించి, అదే తప్పు విలువతో సరిచూస్తే సరిపోక ఏమవుతుంది? కూడికలో, గుర్తుల్లో దొర్లిన పొరపాట్లను ఈ పరీక్ష పట్టేస్తుంది. ప్రమాణాల తప్పును మాత్రం పట్టుకోలేదు.

దానికి వేరే చూపు కావాలి. ప్రతి పదార్థపు విశిష్టోష్ణాన్ని నీటి విశిష్టోష్ణంతో భాగించి చూడటం తేలికైన దారి. ఏ ప్రమాణాల్లో తీసుకున్నా ఈ నిష్పత్తి మారదు. ఇనుముకు సుమారు 0.11, రాగికి 0.09, అల్యూమినియానికి 0.22, సీసానికి 0.03. ఆ విద్యార్థి కాగితం మీద ఇనుముకు 0.45 వస్తుంది, అంటే నీటిలో దాదాపు సగం! ల్యాబులో మామూలుగా వాడే లోహమేదీ అంత ఉష్ణం తీసుకోదు.

గ్రాములకూ కిలోలకూ మధ్య జరిగే పొరపాటు ఇంకో రకం. నీటికి ఒక్కదానికే కిలోగ్రాముకు చెందిన 4,180 వేసి, బరువు గ్రాముల్లోనే ఉంచితే జవాబు 28.01 డిగ్రీలు వస్తుంది. నీళ్లు వేడెక్కనే లేదన్నమాట, కాబట్టి వెంటనే దొరికిపోతుంది. మూడింటికీ అదే పొరపాటు చేస్తే కాస్త చిత్రం జరుగుతుంది. వెయ్యి రెండు పక్కలా రద్దైపోయి ఉష్ణోగ్రత 36.76గా సరిగ్గానే వస్తుంది, కానీ ఉష్ణం 56.9 లక్షల జౌళ్లకు చేరుతుంది. అంత ఉష్ణంతో 28 డిగ్రీల నీళ్లను పద్దెనిమిది లీటర్లకు పైగా మరిగే దాకా తేవచ్చు. గుప్పెట్లో పట్టే ఇనుప ముక్కకు అది సాధ్యమా?

కాగితం వదిలి ల్యాబులోకి వెళ్తే సమానత్వం అంత కచ్చితంగా రాదు. థర్మామీటర్ 36.2 చూపిందనుకుంటే ఇనుము వదిలింది 5,742 జౌళ్లు, లోపల చేరింది 5,331. ఆ 411 జౌళ్లు ముక్కను తీసి నీళ్లలో వేసేలోపు గాలికీ, ఆ తర్వాత పరిసరాలకూ పోయాయని చెప్పుకోవచ్చు. చేరింది వదిలినదానికంటే ఎక్కువగా తేలితేనే ప్రయోగాన్ని అనుమానించాలి. ముక్కకు అంటుకుని వచ్చిన ఒక్క గ్రాము వేడి నీరు చాలు, లెక్కలో లేని 260 జౌళ్లకు పైగా కెలోరీమీటర్‌లోకి తెచ్చిపెడుతుంది.