స్టే వైరు లాగుడుకు స్తంభం మొదట్లో ఎంత భ్రామకం?

బలం ఒక వస్తువును ఏదైనా బిందువు చుట్టూ తిప్పడానికి చూపే ప్రభావమే ఆ బలానికి ఆ బిందువు దృష్ట్యా ఉండే భ్రామకం. బలాన్ని లంబ దూరంతో గుణిస్తే దాని పరిమాణం వస్తుంది. కాగితం మీద గీసిన బొమ్మలో ఆ దూరం కొలవడం తేలికే. మూడు దిక్కుల్లో ఏటవాలుగా సాగే తీగ విషయంలో లంబం ఎక్కడ పడుతుందో ఊహించడమే కష్టం. సదిశా లబ్ధం ఆ ఇబ్బందిని తప్పిస్తుంది.

6 మీటర్ల స్తంభం మొదలే మూల బిందువు అనుకుందాం. x, y అక్షాలు నేల మీద, z నిలువుగా పైకి. స్తంభం కొన (0, 0, 6) నుంచి నేలలో (2, 3, 0) వద్ద పాతిన కొక్కేనికి స్టే వైరు బిగించారు. అందులో తన్యత 700 న్యూటన్లు.

ముందు బలాన్ని సదిశగా రాయాలి. కొన నుంచి కొక్కేనికి వెళ్లే సదిశ (2, 3, −6), పొడవు 7 మీటర్లు. 700ను 7తో భాగిస్తే 100. కాబట్టి కొన మీద పనిచేసే బలం (200, 300, −600). స్థాన సదిశ r అంటే మూల బిందువు నుంచి కొన వరకు, అంటే (0, 0, 6). భ్రామకం M = r × F:

Mx = y·Fz − z·Fy = 0 − 6·300 = −1800
My = z·Fx − x·Fz = 6·200 − 0 = 1200
Mz = x·Fy − y·Fx = 0

ప్రమాణం న్యూటన్–మీటరు. పరిమాణం సుమారు 2163. దాన్ని 700తో భాగిస్తే దాదాపు 3.09 మీటర్లు, ఊహకు అందని ఆ లంబ దూరం ఇదే. Mz సున్నా కావడానికీ కారణముంది. తీగ రేఖ z అక్షాన్ని కొన దగ్గర తాకుతోంది కనుక అది స్తంభాన్ని వంచగలదు గానీ మెలితిప్పలేదు.

r ను బలరేఖ మీద ఏ బిందువుకైనా తీసుకోవచ్చు. కొక్కెం దాకా తీసుకుని (2, 3, 0)తో లెక్కిస్తే Mx = 3·(−600) = −1800, My = −2·(−600) = 1200, Mz = 600 − 600 = 0. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావడం లెక్కకు మంచి పరీక్ష. నిర్ధారకం విప్పేటప్పుడు మధ్య పదానికి మైనస్ మరిచిపోవడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. ఇక్కడ అలా మరిచిపోతే My కొన నుంచి లెక్కించినా, కొక్కెం నుంచి లెక్కించినా −1200 అనే వస్తుంది. ఈ పరీక్ష దాన్ని పట్టదు. M, F ల బిందు లబ్ధం పడుతుంది. భ్రామకం బలానికి లంబంగా ఉండాలి కనుక అది సున్నా కావాలి: −3,60,000 + 3,60,000 = 0. గుర్తు తప్పితే −7,20,000 వస్తుంది.

F × r అని తారుమారు చేస్తే మాత్రం అన్ని గుర్తులూ ఒకేసారి మారతాయి, బిందు లబ్ధం అప్పుడూ సున్నాయే. దాన్ని పట్టేది కుడిచేతి నియమం. వేళ్లను z నుంచి x వైపు, అంటే కొన వంగే వైపు ముడిస్తే బొటనవేలు +y వైపు చూపుతుంది. కాబట్టి My ధనాత్మకంగానే ఉండాలి.